ఫోటో ఫోన్ దాటక ముందే: పరిమిత ప్లాన్‌లో అప్‌లోడ్ ఖర్చు లెక్క

మూడు రోజుల ప్రయాణం ముగిసేసరికి ఫోన్‌లో 240 ఫోటోలు పోగయ్యాయి. ఇంట్లోవాళ్లంతా చూసేలా వాటిని ఒక షేర్డ్ ఆల్బమ్‌లో పెట్టాలి. ప్లాన్‌లో ఇంకా 1.5 జీబీ మిగిలి ఉంది. ఫోటోలే కదా, సరిపోతుందిలే అని అన్నీ సెలెక్ట్ చేసి అప్‌లోడ్ నొక్కితే, దాదాపు 140 ఎక్కేసరికి డేటా అయిపోయిందన్న మెసేజ్ వస్తుంది. వీడియో ఒక్కటి కూడా చూడలేదు, పంపలేదు. మరి అంత డేటా ఎటు పోయినట్టు?

దీనికి జవాబు రెండు ప్రశ్నల్లో ఉంది. ఒక్కో ఫోటో ఫోన్ దాటేటప్పుడు ఎంత బరువుంది? అదే ఫోటో ఎన్నిసార్లు ఫోన్ దాటింది? డేటా కౌంటర్‌కు ఈ రెండే తెలుసు. ఆల్బమ్‌లోకి చేరాక ఆ ఫోటోను సర్వర్ చిన్నది చేసుకున్నా, నచ్చలేదని తర్వాత తీసేసినా, ఖర్చైన డేటాలో ఒక్క బైటు కూడా తిరిగి రాదు. డేటా ఆదా చేసేవని చెప్పే చిట్కాల్లో చాలావరకు పనిచేయకపోవడానికి అసలు కారణం ఇదే. అవి ఫోటో ఫోన్ దాటిపోయిన తర్వాత జరిగే పనులు.

ఒక ఫోటో బరువు ఎంత

ఫోన్‌లో సాధారణంగా తీసే ఫోటో 12 మెగాపిక్సెళ్లది. అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు, మొత్తం కోటీ ఇరవై లక్షలు. ఒక్కో చుక్క రంగును ఉన్నదున్నట్టు రాస్తే 3 బైట్లు కావాలి కాబట్టి ఫోటో 36 ఎంబీ అవుతుంది. జేపెగ్ పద్ధతిలో కుదించడం వల్లే అది 3 నుంచి 5 ఎంబీకి దిగుతుంది. ఆకాశం, గోడ లాంటి నున్నటి దృశ్యం ఇంకా తక్కువలో సరిపోతుంది. ఆకులు, జనం, గడ్డి నిండిన దృశ్యానికి ఎక్కువ కావాలి. ఒకే ఫోన్‌తో, ఒకే సెట్టింగ్‌లో తీసిన రెండు ఫోటోల సైజు ఒకటి ఇంకొకదానికి రెట్టింపు ఉండటం మామూలే.

ఈ సగటును తలకిందులు చేసే ఫోటోలు కొన్ని ఉంటాయి. వాటిని ముందే గుర్తుపట్టాలి. 50 మెగాపిక్సెళ్ల మోడ్‌లో తీసిన ఫోటో 10 ఎంబీ దాటడం సహజం. నొక్కి పట్టుకుంటే రెండు మూడు సెకన్లు కదిలే ఫోటోలు మరో రకం. ఐఫోన్‌లో వీటిని లైవ్ ఫోటో అంటారు, ఆండ్రాయిడ్‌లో మోషన్ ఫోటో. పైకి ఒక ఫోటోగానే కనిపిస్తుంది కానీ దాని వెనక చిన్న వీడియో ముక్క ఉంటుంది. ఆల్బమ్‌కు పంపేటప్పుడు చాలాసార్లు ఆ ముక్క కూడా వెళ్తుంది. ఇక రా ఫైళ్లు, అంటే `.DNG` అని చివర ఉండేవి, ఒక్కోటి 25 ఎంబీ ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫోటో ఎడిట్ చేసే అలవాటు లేనివారి ఫోన్‌లో ఇవి ఉన్నాయంటే కెమెరా సెట్టింగ్‌లో ఎప్పుడో పొరపాటున చెయ్యి తగిలిందనుకోవచ్చు.

గ్యాలరీలో ఏ ఫోటోనైనా తెరిచి దాని వివరాలు చూస్తే సైజు తెలుస్తుంది. పైన చెప్పిన 240 ఫోటోలను అలా విడదీసి చూద్దాం. మామూలువి 200, సగటున 4 ఎంబీ చొప్పున 800 ఎంబీ. 50 మెగాపిక్సెళ్లవి 25, సగటున 14 ఎంబీ చొప్పున 350 ఎంబీ. మోషన్ ఫోటోలు 15, సగటున 7 ఎంబీ చొప్పున 105 ఎంబీ. మొత్తం 1255 ఎంబీ. ఇందులో ఆ 25 పెద్ద ఫోటోలను గమనించాలి. సంఖ్యలో అవి పదింట ఒక వంతు మాత్రమే, బరువులో మాత్రం పావు వంతు కన్నా ఎక్కువ.

దీనికి దారి ఖర్చు కూడా కలపాలి. నెట్‌వర్క్ ఫైల్‌ను ఒకే ముద్దగా మోయదు. సుమారు 1500 బైట్ల పొట్లాలుగా విడగొట్టి, ఒక్కోదాని మీద చిరునామా లాంటి సమాచారం రాసి పంపుతుంది. అవతల నుంచి అందినట్టు కబురు కూడా వస్తూ ఉంటుంది. సిగ్నల్ బాగున్నప్పుడు ఇదంతా కలిపి నాలుగైదు శాతం ఉంటుందనుకుంటే లెక్క సరిపోతుంది. అలా 1255 ఎంబీ కాస్తా 1300 ఎంబీ అవుతుంది.

అయినా అది 1.5 జీబీ లోపే ఉంది కదా! అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. ఆ ఫోన్‌లో ఆటోమేటిక్ బ్యాకప్ కూడా ఆన్‌లో ఉంది, దానికి మొబైల్ డేటా వాడుకునే అనుమతీ ఉంది. ఒక యాప్ ఆల్బమ్‌లోకి పంపుతుంటే మరో యాప్ అవే ఫోటోలను వేరే చోటికి పంపుతోంది. రెండిటికీ కలిపి 2.6 జీబీ కావాలి, ఉన్నది 1.5. సగం దాటాక ఆగిపోవడం అందుకే.

కుదింపు ఎక్కడ జరుగుతోంది

బరువు తగ్గించడానికి అన్నిటికన్నా బలమైన మార్గం పిక్సెళ్లు తగ్గించడం. ఫోటో వెడల్పు, ఎత్తు రెండూ సగం చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడతాయి. 4000×3000 ఫోటో 2000×1500 అవుతుంది, అంటే 12 మెగాపిక్సెళ్లు 3 అవుతాయి. దాన్ని జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర సేవ్ చేస్తే సుమారు 600 కేబీ ఉంటుంది. నాలుగు ఎంబీల ఫోటో ఏడో వంతుకు దిగిందన్నమాట.

ఇంత తగ్గిస్తే ఫోటో పాడవదా అన్న సందేహం న్యాయమైనదే. ఆ ఫోటోను ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెర మొత్తం 1920×1080, అంటే 2 మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. ఆ తెర మీద 12 మెగాపిక్సెళ్ల ఫోటో తెరిచినా కంటికి కనిపించేది ఆ రెండే. 6×4 అంగుళాల కాగితం మీద అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింట్ తీయాలన్నా 1800×1200 సరిపోతుంది. కాబట్టి ఫోన్‌లో చూసుకునే ఆల్బమ్‌కు, మామూలు సైజు ప్రింట్‌కు 2000 పిక్సెళ్ల పొడుగు ఫోటో చాలు. జూమ్ చేసి వెనక నిలబడ్డవారి ముఖం చూడాలనుకున్నప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది.

క్వాలిటీ అంకె విషయంలో చాలామంది భయపడి 95 దగ్గరే ఉంచుతారు. 95 నుంచి 80కి దిగితే సైజు దాదాపు సగానికి వస్తుంది, తెర మీద తేడా పట్టుకోవడం కష్టం. 60 కిందికి వెళ్తే మాత్రం ఆకాశంలో గళ్లు, అక్షరాల చుట్టూ మసక కనిపించడం మొదలవుతుంది. 75, 85 మధ్య ఉండటమే మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కుదింపు ఫోన్‌లో జరిగితేనే డేటా ఆదా అవుతుంది. సర్వర్‌లో జరిగితే సర్వర్ నడిపేవారికి చోటు మిగులుతుంది, లేదా వాడేవారికి క్లౌడ్ స్టోరేజ్ మిగులుతుంది. మొబైల్ డేటా మిగలదు. తెర మీద మాత్రం ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. "తక్కువ సైజు" అన్న ఆప్షన్ పక్కన అది ఎక్కడ జరుగుతుందో రాసి ఉండదు. గూగుల్ ఫోటోస్‌లోని `Storage saver` పేరే చూడండి. అది చెబుతున్నది స్టోరేజ్ గురించి. పైగా అది 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫోటోలనే ఆ సైజుకు దించుతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో పిక్సెళ్లు అలాగే ఉంటాయి, తిరిగి కుదించడం వల్ల ఎంత తగ్గితే అంతే.

వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్‌లు దీనికి పూర్తిగా భిన్నం. మామూలు క్వాలిటీలో పంపే ఫోటోను అవి ఫోన్‌లోనే బాగా చిన్నది చేసి, ఆ తర్వాత పంపుతాయి. కొన్ని వందల కేబీలకు మించదు. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా జత చేస్తే అసలు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎవరైనా "క్లారిటీ పోతోంది, డాక్యుమెంట్‌గా పంపు" అంటే ఒక ఫోటోకు పది రెట్ల పైనే డేటా ఇస్తున్నామని గుర్తుంచుకుని, అవసరమైన రెండు మూడిటికే ఆ పని చేయాలి. ఇంకో సంగతి. గ్రూపులో వందమంది ఉన్నా పంపేవారి ఫోన్ నుంచి ఫోటో ఒక్కసారే వెళ్తుంది. అక్కడి నుంచి ఎవరి డేటాతో వారు దింపుకుంటారు. గ్యాలరీ తెరిచి ఒకరి తర్వాత ఒకరికి విడివిడిగా పంపుకుంటూ పోతే మాత్రం ప్రతిసారీ కొత్తగా అప్‌లోడ్ అయ్యే అవకాశం ఉంది.

బ్రౌజర్‌లో తెరిచే అప్‌లోడ్ పేజీలది మరీ తెలియని వ్యవహారం. కొన్ని పేజీలు బ్రౌజర్‌లోనే ఫోటోను చిన్నది చేసి పంపుతాయి. చాలావరకు అసలు ఫైల్‌నే తీసుకుని, తర్వాత తీరిగ్గా కుదించుకుంటాయి. ఆల్బమ్‌లో కనిపించే ఫోటో 200 కేబీ ఉందంటే ఫోన్ నుంచి వెళ్లింది కూడా అంతే అనుకోవడం పెద్ద పొరపాటు.

ఊహించే బదులు పది ఫోటోలతో పరీక్షించి చూడటం సులువు. మొత్తం సైజు తెలిసిన పది ఫోటోలు ఎంచుకోవాలి, 40 ఎంబీ అనుకుందాం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం పేజీకి వెళ్తే ఏ యాప్ ఎంత వాడిందో ఉంటుంది. ఐఫోన్‌లో `Mobile Data` లేదా `Cellular` పేజీలో ఉంటుంది. అప్‌లోడ్ చేయబోయే యాప్ పక్కనున్న అంకె రాసుకుని, పది ఫోటోలూ పంపి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. అంకె 41, 42 ఎంబీ పెరిగితే అసలు ఫైళ్లే వెళ్లాయి. ఆరేడు ఎంబీ పెరిగితే ఫోన్‌లోనే కుదించి పంపినట్టు. 80 దాటితే ఏదో రెండుసార్లు వెళ్తోంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు అవసరం. పంపగానే ఆల్బమ్ తెరిచి ఫోటోలు తిరగేస్తే అవి మళ్లీ డౌన్‌లోడ్ కావచ్చు. అదీ ఆ అంకెలోనే కలుస్తుంది, లెక్క తప్పుతుంది. ఐఫోన్‌లో `Current Period` అన్న అంకె నెల మారినా దానంతట అది సున్నా కాదు. పేజీ అడుగున ఉన్న `Reset Statistics` నొక్కిన రోజు నుంచి లెక్క వస్తూనే ఉంటుంది. ఎప్పుడూ నొక్కకపోతే అక్కడ కనిపించేది కొన్నేళ్ల మొత్తం కావచ్చు. అందుకే అంకెను కాదు, ముందుకీ తర్వాతకీ ఉన్న తేడాను చూడాలి.

ఫోన్‌లోనే చిన్నవి చేయడం

యాప్ తనంతట తాను కుదించదని తేలితే ఆ పని ముందే మనం చేసుకోవాలి. కొన్ని ఫోన్ల గ్యాలరీల్లో ఎడిట్ మెనూలోనే సైజు మార్చే ఆప్షన్ ఉంటుంది. ఒక్కో ఫోటోకూ చేయడం విసుగు కాబట్టి, ఒకేసారి వందల ఫోటోలను తీసుకునే చిన్న యాప్ ఒకటి పెట్టుకోవడం మేలు. పొడుగు వైపు 2000 పిక్సెళ్లు, క్వాలిటీ 80 అని రెండే అంకెలు ఇవ్వాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. "ఫోటో సైజు తగ్గించండి" అని చెప్పే వెబ్‌సైట్లలో చాలావరకు ఫోటోను ముందు తమ సర్వర్‌కు తెప్పించుకుంటాయి, అక్కడ కుదించి, మళ్లీ దింపుకోమంటాయి. 4 ఎంబీ ఫోటో పైకి వెళ్లింది, 600 కేబీ కిందికి వచ్చింది, ఆ తర్వాత అదే 600 కేబీ ఆల్బమ్‌కు వెళ్తుంది. మొత్తం 5.2 ఎంబీ. నేరుగా పంపితే 4 ఎంబీతో అయిపోయేది. పైగా కుటుంబ ఫోటోలు తెలియనివారి సర్వర్‌లో పడ్డాయి. యాప్‌లలోనూ ఇలాంటివి ఉంటాయి. కనిపెట్టడానికి తేలిక మార్గం ఎయిర్‌ప్లేన్ మోడ్. అది ఆన్ చేసి, వైఫై కూడా ఆపి, ఒక ఫోటోను కుదించి చూడాలి. పని జరిగితే అది ఫోన్‌లోనే జరుగుతున్నట్టు.

ఫోటోలు కంప్యూటర్‌లోకి కేబుల్‌తో తీసుకునేవారికి ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోటోలున్న ఫోల్డర్‌లో ఈ రెండు లైన్లు చాలు:

```
mkdir small
mogrify -path small -resize "2000x2000>" -quality 80 *.jpg
```

ఇందులో `-path small` అన్న ముక్క చాలా ముఖ్యం. అది మర్చిపోతే చిన్న ఫోటోలు అసలు ఫోటోల మీదే రాసేస్తుంది, అసలువి ఇక దొరకవు. `>` గుర్తు ఉన్నందువల్ల ఇప్పటికే చిన్నగా ఉన్న ఫోటోలను సాగదీయదు.

చిన్నవి చేశాక ఒకటి రెండు ఫోటోల వివరాలు తెరిచి, తీసిన తేదీ ఉందో లేదో చూడాలి. కొన్ని యాప్‌లు సైజు తగ్గించేటప్పుడు ఫోటోతో పాటు ఉండే తేదీ, సమయం లాంటి సమాచారాన్ని తీసేస్తాయి. అప్పుడు మూడు రోజుల ఫోటోలన్నీ ఈ రోజు తేదీతో, వరస తప్పి ఆల్బమ్‌లో కూర్చుంటాయి. సరిదిద్దాలంటే మళ్లీ అప్‌లోడ్ చేయడమే, అంటే మళ్లీ డేటా.

మోషన్ ఫోటోలను 2000 పిక్సెళ్ల జేపెగ్‌గా మార్చినప్పుడు మామూలుగా వీడియో ముక్క పోయి నిశ్చల చిత్రమే మిగులుతుంది. పిల్లల నవ్వు లాంటివి కదలికతోనే కావాలనుకుంటే ఆ రెండు మూడిటిని పక్కన పెట్టుకుని విడిగా పంపుకోవచ్చు.

తగ్గిస్తాయని అనుకుని చేసే పనుల్లో కొన్ని అసలు తగ్గించవు. జిప్ చేయడం అందులో మొదటిది. జేపెగ్ అప్పటికే కుదించిన ఫైల్ కాబట్టి జిప్ చేస్తే ఒకటి రెండు శాతం తగ్గితే గొప్ప. ఫోటోను తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీయడం రెండోది. చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్ పీఎన్‌జీ రూపంలో సేవ్ అవుతుంది. అక్షరాలకు అది బాగుంటుంది కానీ ఫోటోకు కాదు. పిక్సెళ్లు తగ్గినా ఫైల్ మాత్రం రెండు మూడు ఎంబీ ఉండిపోవచ్చు. ఈమెయిల్‌లో జత చేయడమైతే ఏకంగా పెంచుతుంది. మెయిల్ అటాచ్‌మెంట్‌ను అక్షరాలుగా మార్చి పంపుతారు, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి. 3 ఎంబీ ఫోటో 4 ఎంబీ దాటుతుంది. కొన్ని మెయిల్ యాప్‌లు పంపిన మెయిల్ కాపీని `Sent` ఫోల్డర్‌లో పెట్టడానికి అదే మెయిల్‌ను రెండోసారి సర్వర్‌కు ఎక్కిస్తాయి కూడా.

ఒకే ఫోటో ఎన్నిసార్లు వెళ్తోంది

బరువు తగ్గించే చిట్కాల గురించి అందరూ మాట్లాడతారు. ఎన్నిసార్లు వెళ్తోందన్నది ఎవరూ చూడరు, నష్టం మాత్రం ఇక్కడే ఎక్కువ. పది ఫోటోల పరీక్షలో యాప్ అంకె 41 మాత్రమే పెరిగి, ఫోన్ మొత్తం మొబైల్ డేటా 80 పైన పెరిగిందంటే మరో యాప్ కూడా అవే ఫోటోలు పంపుతున్నట్టు. సాధారణంగా అది బ్యాకప్ యాప్. దాని సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాతో బ్యాకప్ చేసే ఆప్షన్ ఆపేయాలి. కొన్నిటిలో రోజుకు ఇన్ని ఎంబీలు అని పరిమితి పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఫోటోస్ సెట్టింగ్స్ కింద మొబైల్ డేటా స్విచ్ విడిగా ఉంటుంది.

బ్యాకప్‌ను వైఫైకే పరిమితం చేశాక కూడా డేటా కారే ఒక రంధ్రం మిగిలి ఉంటుంది. అది హాట్‌స్పాట్. ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే, దానికి కలిసిన ట్యాబ్లెట్‌కో రెండో ఫోన్‌కో అది వైఫైలాగే కనిపిస్తుంది. "వైఫై దొరికింది" అనుకుని అది వారం రోజులుగా ఆగిన బ్యాకప్ మొత్తం మొదలుపెడుతుంది. హాట్‌స్పాట్ ఇచ్చినవారి ప్లాన్ అరగంటలో ఖాళీ. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లయితే చాలాసార్లు ఆ నెట్‌వర్క్ పరిమితమైనదని వాటంతట అవే గుర్తుపడతాయి. వేర్వేరు రకాలైతే ఆ నమ్మకం లేదు. కలిసిన పరికరంలో ఆ వైఫై పేరు మీద నొక్కి, ఆండ్రాయిడ్‌లో `Treat as metered` అని, ఐఫోన్‌లో `Low Data Mode` అని పెట్టాలి. ఒక్కసారి పెడితే ఆ నెట్‌వర్క్‌కు అది గుర్తుంటుంది.

చిన్నవి చేసిన ఫోటోలు కూడా ఇలాంటి చిక్కే తెస్తాయి. కుదించిన 240 ఫోటోలు గ్యాలరీలో కొత్త ఫోల్డర్‌గా చేరతాయి. బ్యాకప్ యాప్ కొత్త ఫోల్డర్లను కూడా పంపేలా ఉంటే అసలు ఫోటోలతో పాటు వీటినీ పంపుతుంది. బ్యాకప్ అయ్యే ఫోల్డర్ల జాబితాలో ఆ ఫోల్డర్‌ను ఆపేస్తే సరిపోతుంది. ఎడిటింగ్ సంగతీ అంతే. ఆల్బమ్‌లోకి వెళ్లాక ఫోన్‌లోని ఫోటోను కొంచెం కత్తిరించినా, వెలుగు పెంచినా చాలా యాప్‌లు దాన్ని కొత్త ఫైల్‌గా చూసి మొత్తం మళ్లీ పంపుతాయి. కత్తిరించేదేదో పంపక ముందే కత్తిరించాలి.

అన్నిటికన్నా కనిపించని ఖర్చు విఫలమైన అప్‌లోడ్‌లది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోటో 80 శాతం వెళ్లి తెగిపోతుంది. ఆగినచోటు నుంచి కొనసాగించే యాప్ అయితే మిగిలిన 20 శాతమే పంపుతుంది. కొనసాగించలేని యాప్, ముఖ్యంగా మామూలు వెబ్ పేజీ, మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 14 ఎంబీ ఫోటో అలా మూడుసార్లు తెగి నాలుగోసారి చేరితే ఖర్చైంది 47 ఎంబీ పైనే, ఆల్బమ్‌లో చేరింది 14. కౌంటర్‌లో డేటా పెరుగుతోంది, ఆల్బమ్‌లో ఫోటోల సంఖ్య మాత్రం కదలడం లేదంటే జరుగుతున్నది ఇదే. ప్రోగ్రెస్ గీత పదేపదే మొదటికి రావడం రెండో గుర్తు.

అప్పుడు అప్‌లోడ్ ఆపేసి, సిగ్నల్ బాగున్నచోటికి వెళ్లి, పదేసి ఫోటోలుగా పంపడం మంచిది. బ్యాటరీ సేవర్ తీసేయాలి. తెర ఆరిపోగానే అది వెనక నడిచే యాప్‌ను ఆపేసి అప్‌లోడ్ తెంపుతుంది. ఫోటోలు ముందే చిన్నవి చేసి ఉంటే ఈ నష్టం కూడా దానంతట అదే తగ్గుతుంది. 600 కేబీ ఫైల్ తెగే లోపే చేరిపోతుంది, తెగినా పోయేది 600 కేబీలే.

డేటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆపకుండా వేగం తగ్గించే ప్లాన్లు ఉన్నాయి. అలాంటి చోట మిగిలిన ఫోటోలు నెమ్మదిగా వెళ్తాయిలే అని వదిలేయడం పనికిరాదు. సెకనుకు 64 కిలోబిట్ల వేగం అంటే 8 కిలోబైట్లు. 4 ఎంబీ ఫోటోకు 500 సెకన్లు, ఎనిమిది నిమిషాల పైనే పడుతుంది. అంతసేపు ఎదురుచూడలేక చాలా సర్వర్లు మధ్యలోనే కనెక్షన్ తెంపేస్తాయి. 600 కేబీ ఫోటో అయితే 75 సెకన్లలో చేరుతుంది. అత్యవసరంగా ఒకటి రెండు పంపాల్సి వస్తే ఆ సైజే ఉపయోగపడుతుంది.

అదే ప్రయాణం, రెండో లెక్క

ఇప్పుడు ఆ 240 ఫోటోల దగ్గరికి తిరిగి వెళ్దాం. ముందుగా చేయాల్సింది ఏరివేత, దీనికి డేటా ఏమీ ఖర్చు కాదు. ఒకే దృశ్యాన్ని నాలుగుసార్లు తీసినవి, కళ్లు మూసుకున్నవి, చెయ్యి కదిలి మసకబారినవి తీసేస్తే 150 మిగిలాయనుకుందాం. అసలు సైజులోనే పంపినా ఈ ఒక్క పనితో 1300 ఎంబీ కాస్తా 800కు వస్తుంది. యాప్‌లూ సెట్టింగులూ తెలియనివారు ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం చేయవచ్చు.

తర్వాత బ్యాకప్‌లో మొబైల్ డేటా ఆపేసి, 150 ఫోటోలను 2000 పిక్సెళ్లకు, క్వాలిటీ 80కి తగ్గించారు. 50 మెగాపిక్సెళ్లవి కూడా అదే సైజుకు వచ్చాయి కాబట్టి వాటి బరువు ఇక విడిగా లెక్కించనక్కర్లేదు. సగటు 600 కేబీ చొప్పున 90 ఎంబీ, దారి ఖర్చు కలిపితే 94. పది ఫోటోలు ముందు పంపి కౌంటర్‌లో ఆరేడు ఎంబీలే పెరిగిందని చూసుకుని, మిగతావి పంపారు. ప్లాన్‌లో 1.4 జీబీ ఇంకా మిగిలే ఉంది. 2.6 జీబీ అడిగిన పని 94 ఎంబీలో అయింది.

డబ్బు లెక్క కావాలంటే ప్లాన్ ధరను అందులోని జీబీలతో భాగించి, వచ్చిన దాన్ని ఈ అంకెలతో గుణించాలి. నెలకు 10 జీబీ ప్లాన్ అయితే మొదటి పద్ధతిలో ఒక్క ప్రయాణం ఫోటోలకే ప్లాన్ ధరలో పావు వంతు పైగా పోయేది. రెండో పద్ధతిలో నూటికి ఒక వంతు లోపే.

అయితే అన్ని ఫోటోలకూ ఈ కొలత సరిపోదు. అక్షరాలు చదవాల్సిన కాగితాలు, పెద్ద సైజు ప్రింట్ వేయించే కుటుంబ చిత్రం, నష్టపరిహారం కోసం తీసిన దెబ్బతిన్న వాహనం ఫోటో లాంటివి చిన్నవి చేసి పంపితే పనికిరాకపోవచ్చు. పూర్తి పేజీ కాగితానికి పొడుగు వైపు 3000 పిక్సెళ్లు ఉంచి, ఫోటోలో కాగితం అంచుల బయట ఉన్న బల్ల, నేల కత్తిరించేస్తే చదవడానికి వీలుగా ఉంటుంది, సైజూ అదుపులో ఉంటుంది.

అసలు ఫోటోలు ఫోన్‌లో అలాగే ఉన్నాయి. పరిమితి లేని వైఫై దొరికిన రోజు వాటిని బ్యాకప్‌కు పంపవచ్చు, లేదా కేబుల్‌తో కంప్యూటర్‌లో వేసుకోవచ్చు, అప్పుడు ఇంటర్‌నెట్‌తోనే పని లేదు. చిన్నవి పెట్టిన ఆల్బమ్‌లోకే అసలువి మళ్లీ చేర్చకూడదు. సైజు వేరు కావడంతో యాప్ రెండిటినీ వేర్వేరు ఫోటోలుగా చూసి ప్రతిదీ రెండేసి చూపిస్తుంది, చూసేవారు రెండూ దింపుకోవాల్సి వస్తుంది. ఫోన్‌లో చోటు కోసం అసలువి తీసేయాలనుకుంటే, బ్యాకప్‌లో చేరిన ఫోటోల సంఖ్య ఫోన్‌లోని సంఖ్యతో సరిపోయిందో లేదో చూసి, అక్కడి ఫోటో ఒకటి తెరిచి అది 4000 పిక్సెళ్లదో 2000దో వివరాల్లో చూసుకున్నాకే ఆ పని చేయాలి.